స్లిప్పులు లేని చోట కాగితం లెక్క: బ్యాక్‌ఫ్లష్ కాస్టింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక చిన్న అట్టపెట్టెల యూనిట్‌కి కొన్నేళ్లు పద్దులు రాశాను. పెట్టెలు సరిహద్దు దాటి, మెళియాపుట్టి మీదుగా పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకు వెళ్లేవి. సాయంత్రం ఫోన్‌లో ఆర్డరు వస్తుంది, మర్నాడు వ్యాన్ ఎక్కుతుంది. కాగితం రీళ్లు కూడా రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే తెప్పించేవాళ్లం. ఈ ప్రశ్నలు ఆ యూనిట్ యజమానీ, సూపర్‌వైజరూ, తర్వాత చుట్టుపక్కల చిన్న పరిశ్రమల వాళ్లూ అడిగినవి. లెక్కలు అర్థమయ్యేందుకు అంకెల్ని గుండ్రం చేశాను. పన్ను కలపలేదు.

బ్యాక్‌ఫ్లష్ అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

పెళ్లి వంటవాణ్ణి "బియ్యం ఎంత వాడావు?" అని అడగండి. గరిటె గరిటెకీ రాసుకున్న పుస్తకం అతని దగ్గర ఉండదు. ఎన్ని విస్తళ్లు లేచాయో అడిగి, విస్తరికి ఇంత అని గుణించి చెప్తాడు. బ్యాక్‌ఫ్లష్ కూడా అంతే. సరుకు తయారైపోయాక, ఎన్ని తయారయ్యాయో చూసి, ఒక్కోదానికి ఎంత పట్టాలో ముందే వేసుకున్న లెక్కతో గుణించి, వెనక్కి వెళ్లి ముడిసరుకు ఖాతా నుంచి తీసేస్తాం.

మామూలు పద్ధతిలో రీలు గోదాము నుంచి మెషిన్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక ఇష్యూ స్లిప్, మిగిలిన ముక్క తిరిగొస్తే ఒక రిటర్న్ స్లిప్. అట్ట అయ్యాక ఒక ఎంట్రీ, పెట్టె అయ్యాక మరొకటి. మధ్యలో "తయారీలో ఉన్న సరుకు" అని ఒక ఖాతా. రీలు వచ్చిన మూడో రోజుకే పెట్టెగా మారి పలాస వెళ్లిపోతుంటే ఆ మధ్య ఖాతాలో నిలిచేది ఏముంది? నిలవని సరుకుకి అన్ని స్లిప్పులు ఎందుకన్న ప్రశ్న నుంచే ఈ పద్ధతి వచ్చింది. టయోటాలో తాయిచి ఓనో పేరుతో ముడిపడిన జస్ట్-ఇన్-టైమ్ ఏర్పాటుకి ఇది పద్దుల వైపు జోడీ.

మరి ఖర్చు పుస్తకంలోకి ఎప్పుడు ఎక్కుతుంది?

మేం పెట్టుకున్నది మూడు చోట్ల. కాగితం లోడు దిగినప్పుడు ఒక ఎంట్రీ, మంచి పెట్టెలు లెక్కపెట్టి కట్టలు కట్టాక ఒకటి, అమ్మకం బిల్లు కొట్టినప్పుడు ఒకటి. ఈ మూడింటి మధ్య కార్ఖానాలో ఏం జరిగినా పుస్తకం కళ్లు మూసుకునే ఉంటుంది.

కాగితానికీ, నేల మీద సగం తయారైన అట్టకీ కలిపి ఒకటే ఖాతా. దాన్ని మేం "కాగితం ఖాతా" అనేవాళ్లం, పాఠ్యపుస్తకాల్లో రా అండ్ ఇన్-ప్రాసెస్ అంటారు. కూలీ, కరెంటు, అద్దె, గమ్ము, కుట్టు తీగ అన్నీ "కన్వర్షన్ ఖర్చు" అనే ఇంకో ఖాతాలో పడతాయి. గమ్మునీ తీగనీ విడిగా పెట్టెకింత అని లెక్కగట్టే ఓపిక నాకు లేదు, అవసరం కూడా లేదు.

ఒక నెల లెక్క వేసి చూపిస్తారా?

పెట్టె ప్రామాణిక ఖర్చు: కాగితం 0.800 కిలో, కిలో ₹40 చొప్పున ₹32. కన్వర్షన్ ₹10. మొత్తం ₹42. అమ్మకం ధర ₹46.

నెల మొదట్లో నిల్వ ఏమీ లేదనుకుందాం. 16,400 కిలోల కాగితం కొన్నాం. కాగితం ఖాతాకి డెబిట్ ₹6,56,000, మిల్లు డీలరుకి క్రెడిట్. కూలీ, కరెంటు వగైరా నిజంగా అయినది ₹2,06,000, అది కన్వర్షన్ ఖాతాకి డెబిట్.

నెలలో మంచి పెట్టెలు 20,000 తయారయ్యాయి. తయారైన సరుకు ఖాతాకి డెబిట్ ₹8,40,000. అందులో ₹6,40,000 కాగితం ఖాతాకి క్రెడిట్, ₹2,00,000 కన్వర్షన్‌కి క్రెడిట్. పద్ధతికి ఆ పేరు తెచ్చిపెట్టిన ఎంట్రీ ఇదే.

19,800 అమ్మాం. అమ్మిన సరుకు ఖర్చుకి డెబిట్ ₹8,31,600, తయారైన సరుకుకి క్రెడిట్.

నెలాఖరుకి మిగిలేవి చూడండి. తయారైన పెట్టెలు 200, విలువ ₹8,400. కన్వర్షన్‌లో ₹6,000 ఎక్కువ ఖర్చయింది, దాన్ని అమ్మిన సరుకు ఖర్చులో కలిపేశాం. కాగితం ఖాతాలో ₹16,000, అంటే 400 కిలోలు ఉండాలి.

ఉండాలి అంటే? ఉంటుందిగా?

ఉండదు. ఈ పేజీ రాయడానికి కారణమే అది.

ఆ నెలాఖరు శనివారం రాత్రి తూచాం. వాడగా మిగిలిన రీలు చివరలు 60 కిలోలు. నేల మీద పెట్టె కాని అట్ట వంద పెట్టెలకు సరిపడా, అంటే 80 కిలోలు. మొత్తం 140. పుస్తకం 400 అంటోంది. 260 కిలోలు, ₹10,400 లేదు.

యజమాని మొహం నాకింకా గుర్తుంది. ఆయన చూపు నేరుగా రాత్రి కాపలా మనిషి మీదకు వెళ్లింది. సూపర్‌వైజర్ మాత్రం నెమ్మదిగా, "కాగితం ఎక్కడికీ పోలేదు సార్, పెట్టెల్లోనే ఉంది" అన్నాడు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

పెట్టెల్లో ఉండడం ఏమిటి?

మా పెట్టె ఐదు పొరలది. మూడు చదును పొరలు, మధ్యలో రెండు ముడతల పొరలు. ముడతలు పడేందుకు చదునుగా ఉన్నదానికంటే ఎక్కువ కాగితం పడుతుంది, మేం 1.4 రెట్లు వేసుకున్నాం. పెట్టెకి అట్ట 1.10 చదరపు మీటర్లు. కత్తిరింపు, రీలు చివర్ల వృథాకి 4.5 శాతం. కాగితం 120 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు 120 గ్రాములు.

```
kg/box = (GSM*3 + GSM*1.4*2) * 1.10 * 1.045 / 1000

GSM 120  ->  0.800
GSM 122  ->  0.813
```

బిల్లు మీద 120 అని ఉన్నా మిల్లు కాగితం కచ్చితంగా 120 రాదు. కొంచెం అటూ ఇటూ ఉంటుంది, వ్యాపారంలో దాన్ని ఒప్పుకుంటారు. సూపర్‌వైజర్ ఒక రీలు నుంచి పది సెంటీమీటర్ల చదరం ముక్క కోసి, బజార్లో తెలిసిన బంగారం కొట్టుకి తీసుకెళ్లి తూయించాడు. 1.22 గ్రాములు. వందతో గుణిస్తే 122. ఇంకో నాలుగు రీళ్ల ముక్కలూ ఆ చుట్టుపక్కలే వచ్చాయి.

పెట్టెకి 0.813 చొప్పున 20,000 పెట్టెలకు 16,260 కిలోలు. కొన్నది 16,400, మిగిలింది 140. కిలో తేడా లేకుండా సరిపోయింది. సరిగ్గా అంత కుదరడం కొంత అదృష్టమే, కానీ కారణం మాత్రం అదే. కాగితం దొంగ ఎవరూ లేరు. కిలోల్లో కొంటున్నాం, పెట్టెల్లో అమ్ముతున్నాం. కాగితం బరువెక్కితే ప్రతి పెట్టెలోనూ 13 గ్రాములు కొనేవాడికి ఉచితంగా వెళ్తున్నాయి.

కాపలా మనిషికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. అది వేరే సంగతి.

ఇష్యూ స్లిప్పులు ఉంటే ఇది ముందే తెలిసేది కదా?

తెలిసేది. మొదటి వారంలోనే పెట్టెకి ఎంత పడుతోందో కనబడేది. బ్యాక్‌ఫ్లష్‌లో వాడకం అనేది కొలిచింది కాదు, ఊహించింది. పుస్తకం ఎప్పుడూ "పెట్టెకి 0.800 పట్టింది" అనే చెప్తుంది, ఎందుకంటే మనం చెప్పమన్నది అదే. తప్పు పోగవుతూ పోయి కాగితం ఖాతా నిల్వలో దాక్కుంటుంది, తూచిన రోజు బయటపడుతుంది. నెలకోసారి తూస్తే నెలంతా గుడ్డి లెక్క. మేం ఆ తర్వాత ప్రతి శనివారం తూకం పెట్టాం. స్లిప్పులు మానేసినందుకు ఆదా అయిన సమయంలో అది నాలుగో వంతు కూడా తినలేదు.

లోటు కనబడింది. కారణం బరువు కాగితమా, పాడైన పెట్టెలా, దొంగతనమా ఎలా తెలుసుకోవాలి?

చిత్తు అమ్మిన తూకం చూడండి. ఇంతకంటే మంచి సాక్షి దొరకదు.

మా లెక్కలో 20,000 పెట్టెలకు చిత్తు సుమారు 690 కిలోలు రావాలి. కాగితం బరువు వల్ల లోటు వస్తే చిత్తు పెద్దగా పెరగదు, అదనపు కాగితం పెట్టెలతో పలాస వెళ్లిపోయింది కాబట్టి. ఇంకో నెల మాకు దాదాపు ఇంతే లోటు వచ్చింది, 240 కిలోలు. ఈసారి చిత్తు వ్యాపారి చీటీలో 920 దాటింది. ప్రింటింగ్ బ్లాకు పక్కకి జరిగి మూడు వందల పెట్టెలు పాడయ్యాయి, ఎవరూ రాయలేదు. బ్యాక్‌ఫ్లష్ మంచి పెట్టెల్నే లెక్కపెడుతుంది. పాడైన పెట్టె తిన్న 0.800 కిలో పుస్తకంలో ఇంకా రీలుగానే కనిపిస్తూ ఉంటుంది.

జీఎస్‌ఎం సరిగ్గానే ఉండి, చిత్తు కూడా పెరగకుండా లోటు వస్తే, ముందు ఉత్పత్తి ఎంట్రీలు చూడండి. ఒక రోజు ఎంట్రీ రెండుసార్లు పడి ఉండొచ్చు. అది కూడా కాకపోతేనే గేటు వైపు చూడాలి.

సగం వాడిన రీలు ఎంత ఉందో ఎలా తూస్తారు? దించడమే కష్టం.

కాటా ఉంటే కాటా మీదే పెట్టండి, మధ్య గొట్టం బరువు తీసేయండి. లేకపోతే టేపుతో కొలవచ్చు, కానీ కంటితో అంచనా వేయొద్దు. నిండు రీలు వ్యాసం 100 సెంటీమీటర్లు, గొట్టం 10, బరువు 500 కిలోలు అనుకోండి. ఇప్పుడు వ్యాసం 60 ఉంది. చూసినవాళ్లు ఎవరైనా "సగం పైనే ఉంది, మూడొందలు రాసుకో" అంటారు. కానీ కాగితం వ్యాసం లెక్కన కాదు, దాని వర్గం లెక్కన తగ్గుతుంది.

```
500 * (60^2 - 10^2) / (100^2 - 10^2) = 177 kg
```

ఒక్క రీలులోనే 123 కిలోల తప్పు. మేం వెతుకుతున్న లోటులో సగం. మొదటి రెండు వారాలు మా తూకాలు ఇలాగే చెడ్డాయి. ఒక వారం లోటు, ఇంకో వారం మిగులు. మిగులు వస్తే అందరూ సంతోషించారు. నాకైతే లోటు కంటే మిగులే ఎక్కువ భయం.

వానాకాలంలో ఇంకో తలనొప్పి. కాగితం తేమ పీలుస్తుంది, బరువు పెరుగుతుంది. తడి రోజుల్లో దిగిన లోడులో కొంత నీళ్లకే డబ్బు కట్టినట్టు. మా శనివారం లెక్కల్లో జూలై, ఆగస్టు అంకెల్ని నేను విడిగా చూసేవాణ్ణి.

₹10,400ని పుస్తకంలో ఎక్కడ రాయాలి?

కాగితం ఖాతా నుంచి తీసి అమ్మిన సరుకు ఖర్చులో వేశాం. పెట్టెలు దాదాపు అన్నీ అమ్ముడయ్యాయి కాబట్టి 200 పెట్టెల వాటా కోసం తల పట్టుకోలేదు. ఎంట్రీలో కారణం కూడా రాయండి: "జీఎస్‌ఎం తేడా వల్ల అదనపు వాడకం" అని. "సరుకు పోయింది" అని రాస్తే చిక్కు. పోయిన, దొంగిలించబడిన, రద్దు రాసిన సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ ఇవ్వొద్దని జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) చెప్తోంది. పెట్టెలోకి వెళ్లిన కాగితం పోయిన కాగితం కాదు. రీలు ముక్క తూకం కాగితాలు ఫైల్లో ఉంచుకుంటే ఆ మాట నిలుస్తుంది.

ఇక లాభం సంగతి. పెట్టెకి ₹4 చొప్పున 19,800 పెట్టెలకు ₹79,200 అనుకున్నాం. కన్వర్షన్ ₹6,000, కాగితం ₹10,400 పోగా మిగిలింది ₹62,800.

0.800ని 0.813గా మార్చేస్తే సరిపోదా?

తొందరపడొద్దు. మార్చిన రోజు నుంచి లోటు కనబడదు, కానీ డబ్బు పోతూనే ఉంటుంది. ముందు డీలరుతో మాట్లాడాలి. మేం ఐదు రీళ్ల తూకాలు చూపించాం. పాత బిల్లుల మీద ఏమీ రాలేదు, తర్వాతి లోడులకు కిలో మీద కొంచెం తగ్గించాడు. ఆ మిల్లు కాగితం వరసగా మూడు నెలలు 122 చుట్టూ వచ్చాకే ప్రమాణం మార్చాం.

టాలీలో ఇది ఎలా చేస్తారు?

పెట్టె ఐటమ్‌లో `Set Components (BOM)` కింద కాగితం 0.800 కిలో ఇవ్వండి. స్టాక్ జర్నల్ రకం వోచర్ ఒకటి తయారు చేసి `Use as a Manufacturing Journal`కి Yes పెట్టండి. సాయంత్రం మంచి పెట్టెల సంఖ్య కొడితే కాగితం దానంతటదే తగ్గుతుంది.

రెండు జాగ్రత్తలు. టాలీ మామూలుగా నిల్వకి సగటు ధర వేస్తుంది, మన ప్రామాణిక ₹40 కాదు. కాబట్టి రూపాయల్లో తేడాలు నేను పైన చూపినట్టు విడివిడిగా కనబడవు, కిలోలు చూసుకోవాలి. ఇక `Physical Stock` వోచర్‌తో నిల్వ సరిచేస్తే సంఖ్య సరిపోతుంది, కారణం మాయమవుతుంది. కారణం రాసి స్టాక్ జర్నల్‌తో తీయడమే నా అలవాటు.

కాగితం నిల్వ మైనస్‌లోకి వెళ్తే సంబరపడకండి, కంగారూ పడకండి. చాలాసార్లు లోడు దిగిన బిల్లు ఎక్కించడం మర్చిపోయి ఉంటారు.

కొనుగోలు ఎంట్రీ కూడా వాయిదా వేయొచ్చని పుస్తకంలో చదివాను.

పుస్తకంలో ఉంది. సరుకు తయారయ్యాకే కొనుగోలునీ కలిపి రాసే రకం ఒకటి. మన దగ్గర పనికిరాదు. డీలరుకి బాకీ ఆ రోజే పుట్టింది, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవడానికి ఇన్వాయిస్ కావాలి, సరుకు అందిన రుజువూ కావాలి. పద్దు వెనక్కి నెట్టి ఏం ఆదా చేస్తారు?

స్లిప్పులు లేవంటే జీఎస్టీ వాళ్లు ఒప్పుకుంటారా?

స్లిప్పులే కావాలని వాళ్లు అడగరు. అయితే జీఎస్టీ రూల్ 56 ప్రకారం తయారీదారు నెలవారీ ఉత్పత్తి లెక్క ఉంచాలి: వాడిన ముడిసరుకు ఎంత, తయారైంది ఎంత, వృథా ఎంత, అన్నీ పరిమాణంలో. గుణించి రాసిన 16,000 కిలోలు మాత్రమే చూపిస్తే చిత్తు అమ్మకాల చీటీలతో అది పొసగదు. తూకం తర్వాత తేలిన 16,260 రాయండి. మాది రాష్ట్రం దాటే సరుకు, ₹50,000 దాటిన ప్రతి లోడుకీ ఈ-వే బిల్లు ఉంటుంది. ఎన్ని పెట్టెలు వెళ్లాయో వాళ్లకి మనకంటే ముందే తెలుసు.

తయారైన సరుకు ఖాతా కూడా తీసేసి, అమ్మినప్పుడే అన్నీ రాస్తే ఇంకా తేలిక కదా?

తేలికే, వ్యాన్ రోజూ కదులుతున్నంత కాలం. ఆ రకంలో అమ్ముడుకాని పెట్టెలో కాగితం విలువ మాత్రమే నిల్వగా ఉంటుంది, దాని మీద పెట్టిన కూలీ, కరెంటు ఆ నెల ఖర్చులోకే పోతాయి. రెండొందల పెట్టెలు మిగిలితే ₹2,000, ఎవరూ పట్టించుకోరు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో వరదలు, కొండచరియలు. అవతల ఉద్దానంలో తోటలు నేలకూలాయి. అలాంటప్పుడు కట్టలు కట్టిన పెట్టెలు గోదాములోనే ఉండిపోతాయి. మూడు వేల పెట్టెలు ఆగాయనుకోండి, ₹30,000 కన్వర్షన్ ఆ నెల నష్టంగా కనబడి, వ్యాన్ కదిలిన నెల అంతే లాభంగా తిరిగొస్తుంది. బ్యాంకు వాళ్లకి ఆ నెల లెక్క చూపించాల్సి వస్తే చెప్పుకోవడం కష్టం. అందుకే నేను తయారైన సరుకు ఖాతాని ఎప్పుడూ తీయలేదు.

ఆడిటర్ ఏమంటారు?

నిల్వని ప్రామాణిక ఖర్చుతో చూపించడానికి అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 ఒప్పుకుంటుంది, అది నిజమైన ఖర్చుకి దగ్గరగా ఉంటే. మార్చి 31న నేల మీద సగం అయిన పెట్టెలు ఎన్ని ఉన్నాయో అడుగుతారు. వంద పెట్టెలు సగం అయి ఉంటే వాటి మీద పడిన కన్వర్షన్ ₹500. మా ఆడిటర్ గారు ఒకసారి చూసి నవ్వి వదిలేశారు. అదే రెండు వేలైతే వదలరు, సర్దుబాటు ఎంట్రీ వేయాల్సిందే.

ఎవరికి ఇది పనికిరాదు?

జీడిపిక్కలు కొనేవాళ్లనే తీసుకోండి. వేసవిలో పిక్కలు కొని నెలల తరబడి నిల్వపెట్టి కొట్టిస్తారు. ముడిసరుకే వాళ్ల పెట్టుబడి. పిక్క నుంచి పప్పు ఎంత దిగుతుందన్నది లోడు లోడుకీ మారుతుంది, మా కాగితంలా 13 గ్రాముల తేడా కాదు. ఒక పలాస వ్యాపారి మా పద్ధతి చూసి తానూ పెడతానన్నారు. బస్తా బస్తాకీ దిగుబడి రాసుకోవడం మానొద్దని చెప్పి పంపాను. పెట్టెలు మాత్రం మా దగ్గరే కొన్నారు.